ధర పెంచింది కొన్నవాళ్లా... పారిపోయినవాళ్లా?

నిజామాబాద్‌ మార్కెట్‌ యార్డుకు కొత్త పసుపు వచ్చే రోజుల్లో వ్యాపారి చూపు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఎదురుగా ఉన్న కుప్ప మీద... రెండోది చేతిలోని ఫోన్‌ మీద! ఫోన్‌లో కదులుతుండేది ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్‌ ధర. యార్డులో ఈరోజు సరుకు ఈరోజే చేతులు మారుతుంది. ఫ్యూచర్స్‌లో అలా కాదు. ఫలానా నెలలో ఇస్తానని ఒకరు, పుచ్చుకుంటానని మరొకరు ధర మాత్రం ఇప్పుడే ఖాయం చేసుకుంటారు. ఆ సరుకు అందించాల్సిన ప్రధాన కేంద్రం నిజామాబాదే కాబట్టి ఆ అంకె మీద అక్కడివారికి అంత ఆసక్తి.

అయితే ధర పక్కనే మరో అంకె ఉంటుంది. దాని పేరు ‘ఓపెన్‌ ఇంట్రస్ట్‌’. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఇంకొందరు అది పెరిగితే చాలు ‘కొనేవాళ్లు పెరిగారు’ అనుకుని ముందూ వెనకా చూడకుండా కొనేస్తారు. రెండూ నష్టమే. ధర పెరిగిందని చెప్పేది మొదటి అంకె అయితే, ఎవరి వల్ల పెరిగిందో కాస్త ఆచూకీ ఇచ్చేది రెండోది. ఆచూకీ మాత్రమే... సాక్ష్యం కాదు!

చేతులు మారినా లెక్క మారదు!

ఓపెన్‌ ఇంట్రస్ట్‌ అంటే ఇంకా తెగని ఒప్పందాల సంఖ్య. కుదిరి, ఎదురు లావాదేవీతో రద్దవకుండా, సరుకు ఇచ్చి పుచ్చుకోకుండా మిగిలి ఉన్న ఒప్పందాలన్నమాట. దీన్ని ‘వాల్యూమ్‌’తో కలిపేసుకోవడమే మొదటి పొరపాటు. ఆ రోజు ఎన్ని లాట్లు చేతులు మారాయో చెప్పేది వాల్యూమ్‌. అది ప్రతి ఉదయం సున్నా నుంచి మొదలవుతుంది. ఓపెన్‌ ఇంట్రస్ట్‌ అలా కాదు, నిన్నటి బాకీ ఈరోజుకీ ఉంటుంది.

ఓ చిన్న లెక్క చూద్దాం. పసుపు కాంట్రాక్టులో ఒక లాటంటే 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. సోమవారం ఓ మసాలా కంపెనీ పది లాట్లు కొంది, గోదాములో పసుపు నిల్వ పెట్టుకున్న స్టాకిస్టు అమ్మాడు. ఇద్దరూ కొత్తగా వచ్చినవాళ్లే. పది ఒప్పందాలు పుట్టాయి కాబట్టి ఓపెన్‌ ఇంట్రస్ట్‌ పది. కొన్నవారిని పది, అమ్మినవారిని పది అని కలిపి ఇరవై అనరు. ఒప్పందం ఒకటైతే ఒకటిగానే లెక్క.

మంగళవారం మసాలా కంపెనీ మనసు మార్చుకుని తన పది లాట్లనూ హైదరాబాద్‌లోని ఓ ట్రేడర్‌కు అమ్మేసింది. పాతవారు వెళ్లి కొత్తవారు వచ్చారు. అటు స్టాకిస్టు ఒప్పందం అలాగే ఉంది. వాల్యూమ్‌ పది నమోదైంది కానీ ఓపెన్‌ ఇంట్రస్ట్‌ కదల్లేదు, పదే!

బుధవారం ఆ ట్రేడర్‌ అమ్మేశాడు. కొన్నది ఎవరో కాదు, మొదట అమ్మిన స్టాకిస్టే. ఇద్దరూ బయటపడ్డారు. వాల్యూమ్‌ మళ్లీ పది. ఓపెన్‌ ఇంట్రస్ట్‌ మాత్రం సున్నా!

మూడు రోజుల్లో ముప్పై లాట్ల వ్యాపారం జరిగింది, చివరికి మిగిలిన ఒప్పందం ఒక్కటీ లేదు. ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఒప్పందం పుట్టాలంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇద్దరూ కొత్తవాళ్లే కావాలి. చావాలంటే ఇద్దరూ పాతవాళ్లే కావాలి. కాబట్టి ‘ఓపెన్‌ ఇంట్రస్ట్‌ పెరిగింది, కొనుగోళ్లు ఎక్కువయ్యాయి’ అన్న మాటకు అర్థమే లేదు. ఎన్ని కొత్త కొనుగోళ్లో అన్నే కొత్త అమ్మకాలు. మరి ఎవరిది పైచేయి? అది చెప్పాల్సింది ధర. ఎవరికి తొందర ఎక్కువో వాళ్లే ఎదుటివారి రేటుకు దిగివస్తారు. కొనేవారికి తొందరైతే ధర పెరుగుతుంది, అమ్మేవారికి తొందరైతే పడుతుంది. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడమనేది అందుకే.

నాలుగు వారాలు... నాలుగు కథలు

నిజామాబాద్‌ పసుపు కాంట్రాక్టు ఒకదాన్ని నాలుగు వారాలు వెంటాడుదాం. ఇవి అసలు మార్కెట్‌ రేట్లు కావు, లెక్క తేలిగ్గా తెలియడానికి వేసుకున్న అంకెలు. మొదట్లో ధర క్వింటాలు రూ.14,000, ఓపెన్‌ ఇంట్రస్ట్‌ 8,000 లాట్లు.

మొదటి వారాంతానికి ధర రూ.14,600 అయింది. ఓపెన్‌ ఇంట్రస్ట్‌ 10,500కు చేరింది. రెండూ పెరిగాయి. కొత్తగా 2,500 ఒప్పందాలు పుట్టాయి. వాటిలో కొనేవారే ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడ్డారు. దీన్ని మార్కెట్‌ భాషలో ‘లాంగ్‌ బిల్డప్‌’ అంటారు. కొత్త డబ్బు వస్తోంది కాబట్టి పెరుగుదలకు బలం ఉందని చెబుతారు. నిజమే కానీ... ఆ ధరకు అమ్మినవాళ్లూ 2,500 లాట్ల మేర ఉన్నారు. వాళ్లేం అమాయకులు కారు. ఆ సంగతి కాసేపట్లో!

రెండో వారం ధర ఇంకా పెరిగి రూ.15,200కు వెళ్లింది. పైకి చూస్తే మొదటి వారంలాగే ఉంది. అదే రూ.600 లాభం, అదే ఉత్సాహం. కానీ ఓపెన్‌ ఇంట్రస్ట్‌ 9,000కు తగ్గింది. 1,500 ఒప్పందాలు తెగిపోయాయి. అమ్మి కూర్చున్నవాళ్లు... ధర పెరిగేకొద్దీ నష్టం భరించలేక ఎంతకైనా సరే కొనేసి బయటపడుతున్నారన్నమాట. పాత కొనుగోలుదారులేమో లాభం వేసుకుని వాళ్లకు అమ్ముతున్నారు. ఇదే ‘షార్ట్‌ కవరింగ్‌’. ధర పెరిగింది పసుపు మీద కొత్త నమ్మకంతో కాదు, పాత భయంతో. భయపడ్డవాళ్లు కొనడం పూర్తయ్యాక ఆ స్థాయిలో కొనేదెవరు? అందుకే అనుభవమున్నవాళ్లు ఇలాంటి పెరుగుదలను అంతగా నమ్మరు. నాలుగు కథల్లోనూ కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ధర ఒక్కటే చూసేవారికి మొదటి వారానికీ రెండో వారానికీ తేడా తెలియదు మరి!

మూడో వారం కథ తిరగబడింది. ధర రూ.14,500కు దిగింది, ఓపెన్‌ ఇంట్రస్ట్‌ 11,000కు ఎక్కింది. కొత్తగా 2,000 ఒప్పందాలు పుట్టాయి, అమ్మేవారిదే తొందర. దీని పేరు ‘షార్ట్‌ బిల్డప్‌’. ఇంకా పడుతుందన్న అంచనాతో అమ్మకాలు పేరుకుంటున్నాయని చదువుతారు.

నాలుగో వారం ధర రూ.13,900, ఓపెన్‌ ఇంట్రస్ట్‌ 7,500. రెండూ తగ్గాయి. కొని పెట్టుకున్నవాళ్లు నష్టానికో, వచ్చిన కాడికో అమ్మేసుకుని వెళ్లిపోతున్నారు. ఇది ‘లాంగ్‌ అన్‌వైండింగ్‌’. కొత్తగా అమ్మేవారు తక్కువ కాబట్టి ఈ పతనంలో అంత దూకుడు ఉండదని, పాతవాళ్లు ఖాళీ అయ్యాక ఆగవచ్చని చెబుతారు.

పాఠం అయిపోయినట్టే ఉంది కదూ! చాలా పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. అసలు చిక్కులు మొదలయ్యేదీ ఇక్కడే.

వెళ్లిపోలేదు... పక్క గదిలోకి మారారు

నాలుగో వారాన్ని మళ్లీ చూడండి. 3,500 లాట్లు తగ్గాయి. అంతమంది నిజంగానే పసుపును వదిలేసి వెళ్లిపోయారా?

పసుపు కాంట్రాక్టు గడువు ఆ నెల 20వ తేదీతో ముగుస్తుంది. అప్పటికీ ఒప్పందం తెంచుకోనివారు సరుకు ఇవ్వాలి లేదా పుచ్చుకోవాలి. హైదరాబాద్‌ ఫ్లాట్‌లో కూర్చుని ట్రేడింగ్‌ చేసేవారికి 5 టన్నుల పసుపు దించుకునే ఉద్దేశం ఉండదు కదా! అందుకే గడువు దగ్గరపడేసరికి ఈ నెల కాంట్రాక్టును వదిలించుకుని తర్వాతి గడువు కాంట్రాక్టులోకి మారతారు. దీన్నే ‘రోలోవర్‌’ అంటారు.

మన లెక్కలో మూడో వారం చివర తర్వాతి కాంట్రాక్టులో 2,000 లాట్లు ఉన్నాయనుకుందాం. నాలుగో వారం చివరికి అవి 5,200 అయ్యాయి. రెండు కాంట్రాక్టులూ కలిపితే అప్పుడు 13,000, ఇప్పుడు 12,700. తగ్గింది 3,500 కాదు... 300! మిగతా వాళ్లలో ఎక్కువమంది పక్క గదిలోకి మారారంతే. ఒక్క కాంట్రాక్టునే చూసి ‘లాంగ్‌ అన్‌వైండింగ్‌ అయిపోయింది, ఇక పతనం ఆగుతుంది’ అని కొన్నవారి పని ఏమవుతుంది? కొన్నవాళ్లు ఇంకా బయటపడనేలేదు, వాళ్లు అమ్మాల్సింది ముందుంది.

షేర్లు, నిఫ్టీ ఫ్యూచర్స్‌లోనూ ఇంతే. ప్రతి నెలా చివరి వారంలో ప్రస్తుత నెల ఓపెన్‌ ఇంట్రస్ట్‌ కరిగిపోతూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఒక నెల అంకెతో ఏ అర్థం తీసినా అది క్యాలెండర్‌ చెప్పే అర్థమే తప్ప మార్కెట్‌ చెప్పేది కాదు. అన్ని నెలలనూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అమ్మినవాళ్లంతా భయపడరు!

ఇక మొదటి వారంలో అమ్మినవారి సంగతి. ధర పెరుగుతున్నప్పుడు 2,500 లాట్లు ఎవరు అమ్మారు? కొందరు ‘ఇంత పెరిగింది, ఇక పడుతుంది’ అనుకునే ట్రేడర్లు. వాళ్ల దగ్గర గుప్పెడు పసుపు కూడా ఉండదు. ధర ఇంకో రూ.600 పెరిగితే లాటుకు రూ.30,000 నష్టం. అది ఎప్పుడో గడువు నాడు కట్టేది కాదు, ఏ రోజు నష్టం ఆ రోజే లెక్కగట్టి ఖాతాలోంచి తీసేస్తారు. మార్జిన్‌ చాలకపోతే బ్రోకర్‌ ఫోన్‌ చేస్తాడు. సొమ్ము సర్దకపోతే బ్రోకరే ఒప్పందం తెంచేస్తాడు. రెండో వారంలో పరుగు తీసింది ఇలాంటివాళ్లే.

కానీ గోదాములో నిల్వలున్న స్టాకిస్టు కథ వేరు. కొమ్ము పసుపు బస్తాలు అతని దగ్గర ఉన్నాయి. ఫ్యూచర్స్‌లో ధర బాగుందని అమ్మి లాభాన్ని ఖాయం చేసుకున్నాడు. తర్వాత ధర పెరిగితే ఫ్యూచర్స్‌లో నష్టం, గోదాములోని సరుకు విలువలో లాభం. రెండూ సరిపోతాయి. రోజువారీ నష్టానికి డబ్బు సర్దగలిగితే చాలు, అతను బెదిరిపోడు. అవసరమైతే ఎక్స్ఛేంజీ గోదాముకు సరుకు అప్పజెప్పేస్తాడు.

దీనివల్ల ఏమవుతుందంటే... మూడో వారంలోలాగా షార్ట్‌ బిల్డప్‌ కనిపించిందనుకోండి. ‘ఇన్ని అమ్మకాలు పేరుకున్నాయి, ధర కాస్త పెరిగితే వీళ్లంతా పరిగెత్తుకొచ్చి కొంటారు’ అని కొందరు ఎదురు పందెం కాస్తారు. అమ్మినవాళ్లు ట్రేడర్లయితే ఆ పందెం పండవచ్చు. స్టాకిస్టులైతే ఎవరూ పరిగెత్తరు! పంట వచ్చే నెలల్లో, నిల్వలు నిండుగా ఉన్నప్పుడు ఓపెన్‌ ఇంట్రస్ట్‌ పెరిగితే అందులో ఇలాంటి అమ్మకాలు చాలానే ఉండొచ్చు. అంకె మాత్రం ఎవరి పేరూ చెప్పదు.

షేర్లలో దీనికి ఇంకో రూపం ఉంది. ఫ్యూచర్స్‌ ధర మామూలు షేరు ధర కన్నా కాస్త ఎక్కువ ఉన్నప్పుడు కొన్ని సంస్థలు షేరు కొని, అదే సమయంలో ఫ్యూచర్స్‌ అమ్మేస్తాయి. గడువు నాటికి రెండు ధరలూ ఒకటవుతాయి కాబట్టి ఆ తేడా వడ్డీలా మిగులుతుంది. ఆ అమ్మకాల్లో షేరు పడుతుందన్న అభిప్రాయం ఇసుమంతైనా ఉండదు. అయినా ఓపెన్‌ ఇంట్రస్ట్‌ వేలూ లక్షల్లో పెరిగిపోతుంది.

ఆగుతుందనుకున్న పతనం

నాలుగు కథల్లో ఎక్కువ నష్టం తెచ్చిపెట్టగలది బహుశా నాలుగోది. ‘పాతవాళ్లు ఖాళీ అయ్యాక పతనం ఆగుతుంది’ అన్న మాటలో ఎక్కడ ఆగుతుందో ఉండదు. 2008 జనవరి అందుకు పెద్ద ఉదాహరణ. 

2007 చివరికి దలాల్‌ స్ట్రీట్‌లో ఉత్సాహం అంతా ఇంతా కాదు. చేతిలో ఉన్న కొద్ది సొమ్మును మార్జిన్‌గా పెట్టి దానికి ఎన్నో రెట్ల విలువైన షేర్ల ఫ్యూచర్స్‌ కొన్నవాళ్లు ఊరూరా ఉన్నారు. జనవరి 8న నిఫ్టీ 6,300 దాటి కొత్త శిఖరం చూసింది. ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే అమెరికా గృహరుణాల సంక్షోభం సెగ తగిలింది. జనవరి 21న సెన్సెక్స్‌ ఒక్కరోజే 1,408 పాయింట్లు పడింది. ఆ రాత్రి బ్రోకర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మార్జిన్‌ కట్టలేనివారి కాంట్రాక్టులను మర్నాడు అడ్డగోలుగా అమ్మేశారు. 22న మార్కెట్‌ తెరిచిన కాసేపటికే పది శాతం దాటి పడిపోవడంతో గంటపాటు ట్రేడింగ్‌ ఆపేయాల్సివచ్చింది.

ధర పడుతోంది, ఒప్పందాలు తెగుతున్నాయి. అచ్చంగా లాంగ్‌ అన్‌వైండింగే. కానీ వీళ్లు అభిప్రాయం మార్చుకుని అమ్మినవాళ్లు కాదు, అప్పు తీర్చలేక అమ్మించబడ్డవాళ్లు. ఒకరి కాంట్రాక్టు అమ్మితే ధర ఇంకాస్త పడుతుంది. అది ఇంకొకరి మార్జిన్‌ను మింగేస్తుంది. వాళ్లదీ అమ్మాలి. పాఠం ప్రకారమైతే వీళ్లంతా ఖాళీ అయ్యాక పతనం ఆగాలి. నిజంగానే కొద్దిరోజులు ఆగినట్టే కనిపించింది. 22వ తేదీన 16,700 దగ్గర ముగిసిన సెన్సెక్స్‌ అక్టోబరు 27 నాటికి 8,500 దగ్గరకు వచ్చేసింది! ఫ్యూచర్స్‌లో అప్పు చేసినవాళ్లు జనవరిలోనే పోయారు. తర్వాతి అమ్మకాలు అసలు షేర్లు పట్టుకున్నవారివి, ముఖ్యంగా విదేశీ సంస్థలవి. వాళ్ల షేర్లు ఓపెన్‌ ఇంట్రస్ట్‌ లెక్కలో ఎప్పుడూ లేవు.

షార్ట్‌ కవరింగ్‌ పెరుగుదల నిలవదన్న మాటకూ ఇలాంటి దెబ్బే తగిలింది. 2009 మే 16న ఎన్నికల ఫలితాలొచ్చాయి. ఎవరికీ మెజారిటీ రాదన్న అంచనాతో అమ్మి పెట్టుకున్నవాళ్లకు సోమవారం, 18న చుక్కలు కనిపించాయి. ట్రేడింగ్‌ జరిగింది నిమిషం కూడా కాదు. సెన్సెక్స్‌ 2,110 పాయింట్లు లేచి, రోజంతా మార్కెట్‌ మూతపడింది. కొని బయటపడదామన్నా అమ్మేవారు లేరు. ‘ఇదంతా అమ్మినవాళ్ల కంగారే, నాలుగు రోజుల్లో దిగుతుంది’ అని ఎదురుచూసినవారికి నిరాశే మిగిలింది. 14,284 దగ్గర ఆగిన సెన్సెక్స్‌ ఆ ఏడాది చివరికి 17,000 దాటింది. కంగారుతో మొదలైనా, వెనుక నుంచి కొత్త కొనుగోళ్లు వచ్చి చేరాయి. అది తెలిసేది కూడా ఓపెన్‌ ఇంట్రస్ట్‌తోనే. తగ్గుతూ వచ్చిన అంకె, ధరతో పాటు మళ్లీ పెరగడం మొదలైతే రెండో కథ ముగిసి మొదటి కథ మొదలైనట్టు. ఒక్కరోజు చూసి కథ ఇదీ అని తేల్చేస్తే ఈ మలుపు కనిపించదు.

నియమాలూ అంకెను కదిలిస్తాయి

ఎవరి అభిప్రాయంతోనూ సంబంధం లేకుండా ఓపెన్‌ ఇంట్రస్ట్‌ తగ్గే సందర్భాలూ ఉన్నాయి. షేర్ల విషయంలో ప్రతి కంపెనీకీ మార్కెట్‌ మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. అందులో 95 శాతం దాటితే ఆ షేరు ‘బ్యాన్‌’ జాబితాలోకి వెళ్తుంది. 80 శాతానికి దిగేదాకా ఉన్నవాటిని తగ్గించుకోవడమే తప్ప కొత్తగా పెంచుకోవడానికి వీల్లేదు. ఆ రోజుల్లో ధర పెరిగి ఓపెన్‌ ఇంట్రస్ట్‌ తగ్గితే ‘షార్ట్‌ కవరింగ్‌’ అని ముద్ర వేయడం అన్యాయం. పెరగడానికి తలుపే మూసేశారు కదా! పసుపులాంటి సరుకుల్లో ధర మరీ ఎగిరినప్పుడు అదనపు మార్జిన్లు విధిస్తారు. అప్పుడూ అంతే. చిన్న ట్రేడర్లు డబ్బు చాలక తప్పుకుంటారు.

అన్నట్టు ఈ నాలుగు కథలూ ఫ్యూచర్స్‌కే. ఆప్షన్స్‌లో కాల్‌, పుట్‌ అని రెండు రకాలుండటం, ధర మీద గడువు ప్రభావం ఎక్కువగా ఉండటం వల్ల ఇదే సూత్రాన్ని అక్కడ అతికిస్తే తప్పుల తడకే. ఈక్విటీ ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. వారిలో ఈ నాలుగు పేర్లూ కంఠతా వచ్చినవారు తక్కువేం ఉండరు.

ఎక్కడ చూడాలి?

దీనికి ఎవరికీ చందా కట్టక్కర్లేదు. ట్రేడింగ్‌ ముగిశాక ఎన్‌ఎస్‌ఈ తన వెబ్‌సైట్‌లో ఆ రోజు లెక్కలన్నీ ‘భావ్‌కాపీ’ అనే ఫైలుగా ఉచితంగా పెడుతుంది. 2024 జులై తర్వాతి కొత్త ఫైళ్లలో ఓపెన్‌ ఇంట్రస్ట్‌ ఉండే గడి పేరు OpnIntrst, ముందురోజుతో పోలిస్తే వచ్చిన మార్పు ChngInOpnIntrst. పాత ఫైళ్లలో అవే OPEN_INT, CHG_IN_OI. పసుపు లెక్కలు ఎన్‌సీడీఈఎక్స్‌ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఒక కాంట్రాక్టుకున్న అన్ని గడువుల అంకెలనూ కూడి, వారం పది రోజులవి వరసగా ఓ కాగితం మీద ధర పక్కన రాసుకుంటే చాలు. మధ్యాహ్నం టీవీలో ‘లాంగ్‌ బిల్డప్‌’ అని వచ్చే వార్తలకు తొందరపడక్కర్లేదు. ఉదయం కొని సాయంత్రానికి అమ్మేసేవాళ్ల ఒప్పందాలు కూడా అప్పటి అంకెలో ఉంటాయి. మార్కెట్‌ మూసేసరికి అవన్నీ తెగిపోయి, మధ్యాహ్నం కనిపించిన బిల్డప్‌ సాయంత్రానికి మాయమైన రోజులు చాలానే ఉంటాయి.